లెక్కల మాస్టారి వేలంపాట

మన స్కూలు రీయూనియన్ సావనీర్ కమిటీ వాళ్ళు "పాత జ్ఞాపకాలు ఏవైనా రాయి" అన్నారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి నాకు ఏమీ గుర్తులేవు, గన్నేరు చెట్టు సంగతి ఎలాగూ బొంగరం రాస్తాడు, కాబట్టి నేను వేలంపాట ఒక్కటే రాస్తున్నా.

1996 నవంబరులో కోనసీమ తుఫాను వచ్చాక మనం విరాళాలు పోగుచేయాలనుకున్నాం కదా. అందరూ లక్కీ డ్రా అన్నారు. లెక్కల మాస్టారు ఒక్కరే అడ్డం తిరిగారు. డబ్బులు తీసుకుని చీటీ అమ్మి, చీటీ తీసి బహుమతి ఇస్తే చట్టం దానిని లాటరీ అంటుంది, దానికి పర్మిషన్ ఎవడు తెస్తాడు అని. అదీగాక డ్రాలో టికెట్టు ధర దగ్గరే దాత ఆగిపోతాడు, పాటలో పక్కవాడు ఆగనివ్వడు అన్నారు.

పాటకి పెట్టే వస్తువులు అడగడానికి పూర్ణా మార్కెట్‌కి మనల్ని పంపినప్పుడు ఆయన పెట్టిన మొదటి షరతు, బోణీ కాకముందు ఏ షాపు గడపా తొక్కొద్దు. రెండోది, "ఏదైనా ఇవ్వండి" అనొద్దు, వస్తువు పేరు పెట్టి అడగమన్నారు. "ఏదైనా" అన్న బ్యాచికి పోయినేడాది క్యాలెండర్లు వచ్చాయి, ఆ బ్యాచి ఎవరిదో వాళ్ళకే తెలుసు. ప్రతి వస్తువుకీ చీటీ కట్టి దాత పేరు, షాపు ధర రాశాం. పాట సగం ధర దగ్గర మొదలు. స్టీలు గ్లాసులు, దువ్వెనల్లాంటి చిన్నవి విడిగా పాడితే టైము వేస్టని కలిపి ఒకే లాటు చేశాం. మంచి వస్తువు మొదట పెట్టకూడదట, జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటుంటారు. చివరా పెట్టకూడదు, అప్పటికి సగం మంది బస్సుకి పోతారు. నాలుగోదో ఐదోదో అయితే చేతులు బాగా లేస్తాయి.

గేటు దగ్గర పేరు, అడ్రసు రాసుకుని అట్టముక్క మీద నంబరు ఇచ్చాం. వంద లోపు పదేసి, అయిదొందల దాకా పాతికేసి, ఆ పైన యాభయ్యేసి పెంచాలి. నోటికొచ్చినట్టు రూపాయి, రెండు రూపాయలు పెంచితే చెల్లదు.

మైకు ఎవరికిచ్చారో చెప్పాలా? హార్బరుగాడికే. వాళ్ళ నాన్న తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్లో చేపలు పాడించేవారు, వీడికి ఆ గొంతే వచ్చింది. "పదిహేడో నంబరు అమ్మగారిది డెబ్బై! ఏటి బాబూ, డెబ్బైకే ఒగ్గేత్తారేటి? డెబ్బై ఒకటోసారి..." వాడు ప్రతిసారీ నంబరూ, రేటూ రెండూ పైకి చెప్పేవాడు, అందుకే ఎవరిది పైపాట అన్న గొడవ ఒక్కటీ రాలేదు. ఎవరూ పాడకపోతే బతిమాలేవాడు కాదు, వెంటనే రేటు దించేసేవాడు. ఒక మూల మొగుడూ పెళ్ళాం తెలీక ఒకరి మీద ఒకరు పాడుకుంటుంటే, "ఆ డబ్బులు ఒకే బీరువాలోవండీ" అని ఆపిందీ వాడే.

ఏటికొప్పాక లక్క బొమ్మల సెట్టు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. షాపు ధర నూట ఇరవై, మొదలు అరవై. ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి తొమ్మిదొందల దాకా లాగారు. మూడోసారి అయ్యాక డబ్బులకి వెళ్తే గెలిచినాయన "రేపు పంపిస్తాలే" అన్నారు. మాస్టారి రూలు, డబ్బు టేబుల్ మీద పడకుండా వస్తువు కదలదు, తర్వాతి వస్తువు పాట మొదలవదు. పుస్తకం నా దగ్గర ఉంది, గెలిచిన పాట పక్కనే రెండో పాట నంబరు, మొత్తం కూడా రాయించారు. మాస్టారు మైకు తీసుకుని రెండో ఆయన్ని "మీ ఎనిమిదొందల యాభైకి మీరే తీసుకుంటారా?" అని అడిగారు. తీసుకున్నారు. పోయింది యాభై రూపాయలే. ఆ రెండో పేరు రాసి లేకపోతే మళ్ళీ అరవై నుంచి, అదీ చల్లారిన జనంతో మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఇప్పుడు ద్వారకానగర్లో బ్యాంకు రికవరీ విభాగం నా చేతిలో ఉంది, తాకట్టు ఆస్తుల ఈ-వేలం నేనే నడుపుతా. ధరావతు కట్టనివాడు పాటలోకి రాలేడు, గెలిచినవాడు పాతిక శాతం ఆ రోజో మర్నాడో కట్టాలి. కొత్తగా వచ్చిన పిల్లలు ఇంత కఠినం ఎందుకు సార్ అంటే లక్క బొమ్మల కథ చెప్తుంటా.

ఈసారి రీయూనియన్లో స్కాలర్‌షిప్ ఫండ్‌కి వేలం పెడుతున్నారట. మైకు హార్బరుకే ఇవ్వండి, టేబుల్ నాకివ్వండి. ఫోన్‌పేలో కట్టే మహానుభావులు ముందే వినండి, స్క్రీన్‌షాట్ చూపిస్తే వస్తువు ఇవ్వను, ఫండు ఖాతాలో పడ్డట్టు మా ఫోన్లో కనబడాలి. బొంగరం, నీకూ అంతే.