అమ్మకు కొలనోస్కోపీ

ఈరోజు అమ్మకు కొలనోస్కోపీ చేశారు, అంటే మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష. "ఎన్నో ఏళ్లుగా ఉన్న మలబద్ధకమే కదా, ఇప్పుడెందుకు?" అని పిన్ని ఫోన్లో అడిగింది. సరైన ప్రశ్నే. ఉత్త మలబద్ధకానికి ఈ పరీక్ష అక్కర్లేదని డాక్టరే చెప్పారు. కానీ అమ్మకు 62 ఏళ్లు, హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది, ఐరన్ తక్కువ. పేగులో ఎక్కడో కొంచెం కొంచెంగా రక్తం పోతోందేమో చూడాలన్నారు.

అసలు కష్టం పేగు శుభ్రం చేయడంలోనే. మలబద్ధకం ఉన్నవాళ్లకు మామూలు మోతాదుతో తరచూ మలం మిగిలిపోతుందట, దాని వెనక చిన్న పాలిప్, అంటే పేగు గోడ మీద పెరిగే కండ, ఉన్నా కనబడదు. అందుకే ఐరన్ మాత్రలు వారం ముందే ఆపించారు, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. చివరి మూడు రోజులూ రాగి సంగటి, ఆకుకూరలు, గింజలున్న పండ్లు బంద్. రోజూ రాత్రి విరేచనం మాత్ర. నిన్నంతా కొబ్బరి నీళ్లు, వడకట్టిన చారు, పాలు లేని టీ.

పేగును కడిగే పెగ్ పొడి కలిపిన నీళ్లు రెండు లీటర్లు నిన్న సాయంత్రం, మరో రెండు ఈ తెల్లవారుజామున. పావుగంటకో గ్లాసు. రాత్రి వాంతి వచ్చేలా ఉందంటే అరగంట ఆపి, చల్లబరిచి మళ్లీ ఇచ్చాను. పొట్ట ఉబ్బిపోయి, వాంతులవుతూ, విరేచనం అసలు కాకపోతే మాత్రం ఆపేసి వెంటనే ఫోన్ చేయమన్నారు, పేగుకు అడ్డు ఉందేమోనని. అలా జరగలేదు. ఉదయం ఏడున్నరకు మూత్రంలా పసుపుపచ్చ నీళ్లే వచ్చాయి. పది గంటల పరీక్షకు అదే కావాలి. తెల్లవారుజామున తాగేదే ముఖ్యమట. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగిన పసరును అదే కడిగేస్తుంది.

మత్తిచ్చి చేశారు. క్యాన్సర్ లేదు. ఎడమవైపు ఎనిమిది మిల్లీమీటర్ల పాలిప్ ఉంటే అక్కడే తీసి బయాప్సీకి పంపారు. స్క్రీన్ మీద పేగు గోడ గోధుమరంగులో కనిపించేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. అది మెలనోసిస్ కోలై అట. అమ్మ ఏళ్ల తరబడి వేసుకున్న సునాముఖి చూర్ణం వల్ల వచ్చే రంగు. హానికరం కాదు, చూర్ణం ఆపితే కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

అయితే మలబద్ధకం ఎందుకొచ్చిందో ఈ పరీక్షలో తేలలేదు. పాలిప్ దానికి కారణం కాదు. పేగు నెమ్మదిగా కదలడం, ముక్కినప్పుడు మలద్వారం కండరం వదులు కావాల్సింది పోయి బిగుసుకోవడం కెమెరాకు అందవు. వేలితో చూసినప్పుడు అమ్మకు ఆ రెండోదే అనిపించిందట. మలద్వారం కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ చేసి నిర్ధారణ అయితే, ఆ కండరాన్ని వదలడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ ఉంటుందన్నారు. రక్తహీనతకు జవాబు ఇంకా రాలేదు కాబట్టి సోమవారం నోటి నుంచి కెమెరా పంపి చూసే ఎండోస్కోపీ.