మాస్టారి ఉత్తరం, ఇంగ్లీషువాళ్ల ‘మీరు’

పర్లాకిమిడిలో మాకు తెలుగు చెప్పిన మాస్టారు పదవీ విరమణ చేశాక ఊరి చరిత్ర రాసే పనిలో పడ్డారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అందులో కలిసింది. సరిహద్దు ఎక్కడ గీయాలో చెప్పమని అంతకుముందు వేసిన ఓడొనెల్ కమిటీ 1932లో నివేదిక ఇచ్చింది. అందులోని కొన్ని పుటల నకళ్లు మాస్టారికి కావాలి. లండన్‌లోని ఒక గ్రంథాలయంలో దొరుకుతాయని ఎవరో చెప్పారట. నేను ఇంగ్లీషు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి ఉత్తరం రాసే పని నాకు వచ్చింది. వెళ్లేది ఈమెయిలే అయినా ఆయన దాన్ని ఉత్తరమే అంటారు.

ఆయన తెలుగులో చక్కగా రాసి తెచ్చారు. ‘అయ్యా, నమస్కారం. ఫలానా నివేదికలోని ఫలానా పుటల నకళ్లు పంపండి. ఖర్చు ఎంతో తెలియజేయండి. తమరి సమాధానం కోసం ఎదురుచూస్తుంటాను.’ ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అడిగేవాడు పెద్దమనిషి, అడిగించుకునేవాడికి లోటు లేకుండా అడిగాడు. ‘దీన్నే మార్చి పెట్టు, ముందు ప్లీజ్ అని తగిలించు’ అన్నారు.

నేను తగిలించలేదు. ‘ప్లీజ్ సెండ్’ అని మొదలుపెడితే, చదివే ఆవిడకో ఆయనకో అది ఆజ్ఞలా తగులుతుంది. మర్యాదగా ఇచ్చిన ఆజ్ఞే, కానీ ఆజ్ఞే.

‘మరి ప్లీజ్ అంటే దయచేసి అనే కదా? వాళ్లకు మీరు లేదు, గారు లేదు, అండి లేదు. ఉన్న ఆ ఒక్క ముక్కా పనికిరాదంటే ఎలాగమ్మా?’

ఇంగ్లీషులో మీరు లేదనే మాట నేను తరగతిలోనూ తరచు వింటాను. నిజానికి వాళ్ల దగ్గర మిగిలింది మీరే. పోయింది నువ్వు. పాత ఇంగ్లీషులో ఒక్కరికి ‘దౌ’, పలువురికి ‘యీ’, ‘యూ’ ఉండేవి. పదమూడో శతాబ్దం నుంచి ఫ్రెంచి మర్యాదల ప్రభావంతో, ఎదుట ఉన్నది ఒక్కరే అయినా పెద్దవారైతే బహువచనం వాడటం మొదలైంది. మనం ఒక్కరినే మీరు అన్నట్టే. ఆ గుర్తు ఇప్పటికీ క్రియలో కనిపిస్తుంది: ఒక్కరితో మాట్లాడుతున్నా ‘యూ ఆర్’ అనే అంటారు. ‘ఆర్’ బహువచన క్రియ. మనం ఒక్క మాస్టారితో ‘మీరు వచ్చారు’ అంటున్నామే, అచ్చంగా అదే కట్టు.

‘అయితే ఏకవచనంతో పిలిస్తే వాళ్లకూ కోపం వచ్చేదన్నమాట’ అన్నారు మాస్టారు. వచ్చేది. 1603లో ఇంగ్లండు నావికుడు వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ అతణ్ణి ద్రోహీ అని తిట్టడమే కాక, నిన్ను ఏకవచనంతోనే పిలుస్తాను అని నిండు సభలో చెప్పి మరీ పిలిచాడు. ఆ శతాబ్దం నడుమ క్వేకర్లనే మత శాఖవారు దేవుడి ముందు అందరూ సమానమే కాబట్టి న్యాయమూర్తినైనా ‘దౌ’ అనే అంటామని పట్టుబట్టి దెబ్బలు తిన్నారు. 1700 వచ్చేసరికి పట్టణాల మామూలు మాటల్లోంచి ‘దౌ’ దాదాపు పోయింది. కొన్ని మాండలికాల్లో, కవిత్వంలో, ప్రార్థనలో నిలిచింది. ప్రార్థనలో ఏకవచనం మనకూ వింత కాదు. రాముడినీ నువ్వే అంటాం, తెలుగు బైబిలు చదివేవారూ ‘నీ నామము’ అనే అంటారు.

ఎందుకు పోయిందన్నదానికి మా ఊరి బజారు చూపించాను. ఒడియాలో ఎదుటివారికి మూడు మెట్లు: తు, తుమె, ఆపణ. తెలుగువాడికి ఇంట్లో అలవాటైనవి రెండే, నువ్వు, మీరు. ఆ నడిమి ‘తుమె’ ఎవరికి ఎప్పుడు వాడాలో చాలామందికి చివరిదాకా పట్టుబడదు. కనుక ఏం చేస్తాం? ఎందుకొచ్చిన గొడవని అందరినీ ఆపణ అనేస్తాం. కూరగాయల బండి దగ్గర పన్నెండేళ్ల కుర్రాడిని ‘ఆపణ’ అంటే వాడు నవ్వుతాడు గానీ ఎవరూ నొచ్చుకోరు. పైకి అంటే నష్టం లేదు, కిందికి అంటే తగువు. లండన్ లాంటి ఊళ్లలో ఎదుటివాడి అంతస్తు బట్టలు చూసి తెలుసుకోలేని రోజులు వచ్చాక జనం ఆ లెక్కే వేసుకున్నారని భాషా చరిత్రకారులు చాలామంది అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. అందరికీ మీరు అయ్యాక అందులో గౌరవం గుర్తుగా మిగలలేదు. అందరి చేతిలో ఉన్న నాణెం ఎవరినీ ధనవంతుణ్ణి చేయదు.

‘సరే, చరిత్ర బాగుంది. ఉత్తరం సంగతి చూడు’ అన్నారు మాస్టారు.

అసలు చిక్కు అక్కడే. తెలుగులో గౌరవం మనిషిని బట్టి. మాస్టారితో ‘కూర్చోండి’ అన్నా ‘ఆ పుస్తకం నాకు ఇవ్వండి’ అన్నా ‘అండి’ ఒకటే, రెండూ మర్యాదే. ఇంగ్లీషులో చాలావరకు అడిగే పనిని బట్టి. వినేవారికి మేలు చేసే మాటైతే ఆజ్ఞార్థకం నిక్షేపంగా నడుస్తుంది: లోపలికి రా, కూర్చో, ఇంకొంచెం టీ తీసుకో అని ఎంత పెద్దవారితోనైనా సూటిగా అనవచ్చు. చేసే శ్రమ వారిది, లాభం మనది అయినప్పుడే మాట చుట్టు తిరగాలి. శ్రమ పెరిగినకొద్దీ, పరిచయం తగ్గినకొద్దీ ఆ చుట్టు పెద్దదవుతుంది. అపరిచితుల చేత నకళ్లు తీయించుకోవడం అలాంటి పని. ‘పంపండి’లో ఉన్న ‘అండి’ ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు రాలిపోతుంది, ‘పంపు’ మిగులుతుంది. దాని ముందు ‘ప్లీజ్’ పెట్టినా, మన కార్యాలయాలకు ప్రీతిపాత్రమైన ‘కైండ్లీ’ పెట్టినా ఆ ఆజ్ఞ మారదు.

ఈ మర్యాద మోయగల సరుకు మన దగ్గరా ఉంది, ‘అండి’లో కాదు, వేరే చోట. కొత్తవాళ్లింటికి వెళ్లి నిచ్చెన అడగాలంటే ‘నిచ్చెన ఇవ్వండి’ అంటామా? ‘ఒక మాట అడుగుదామని వచ్చానండి, నిచ్చెన ఏమైనా ఖాళీగా ఉందా’ అంటాం. కోరికను భూతకాలంలోకి నెట్టి, అడగాల్సింది ప్రశ్నగా మార్చి, కాదనడానికి దారి వదిలి అడుగుతాం. ఇంగ్లీషువాళ్లు చేసేదీ సరిగ్గా ఇదే: కోరిక ఇప్పటిదైనా ‘ఐ వాజ్ హోపింగ్’ అంటారు, ‘కెన్’ బదులు ‘కుడ్’ అంటారు. అందుకే మాస్టారి ఉత్తరాన్ని నేను ముందు తెలుగులోనే తిరగరాశాను, నిచ్చెన అడిగే తెలుగులోకి. ‘ఫలానా పుటల నకళ్లు దొరుకుతాయేమోనని రాస్తున్నాను. పంపడం మీకు వీలవుతుందా, అయితే ఖర్చు ఎంతవుతుందో చెప్పగలరా?’ ఇక్కడి నుంచి ఇంగ్లీషుకు ఒక్క అడుగు. ‘కుడ్ యూ టెల్ మీ వెదర్’ అని తనంత తాను వచ్చి కూర్చుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మన నోటీసుల్లో ‘గమనించగలరు’, ‘హాజరు కాగలరు’ అని రాస్తాం. అది చూడటానికి శక్తి గురించి చెప్పే మాట, పనిలో ఆజ్ఞ. దాన్ని మక్కీకి మక్కీగా ‘యూ కెన్ నోట్’ అని మారిస్తే ఇంగ్లీషు పాఠకుడికి గమనించినా గమనించకపోయినా ఫరవాలేదని వినిపిస్తుంది. ప్రశ్నగా ఉన్న ‘గలరా’ దాటుతుంది, ప్రశ్న కాని ‘గలరు’ దాటదు.

మాస్టారికి ఉత్తరం బోసిగా అనిపించింది. ‘రెస్పెక్టెడ్ సర్’ లేదు, ‘హంబుల్ రిక్వెస్ట్’ లేదు, వాక్యానికొక ‘సర్’ లేదు. ‘సర్’ని మనం ‘అండి’ స్థానంలో వాడతాం. మన దేశంలో ఉద్యోగికి రాసేటప్పుడు అది తీసేస్తే ఇక్కడే అమర్యాద అవుతుంది, కాబట్టి భువనేశ్వర్‌కు రాస్తే నేనూ ఉంచుతాను. లండన్‌కు వెళ్లేదాంట్లో అదే పనిగా పెడితే వేళాకోళంగానో, డబ్బు అడగబోతున్నట్టుగానో ఉంటుంది. పైగా చదివేది ఆడవాళ్లో మగవాళ్లో మనకు తెలియదు. ‘డియర్’ తర్వాత ఆ విభాగం పేరు పెట్టి పంపాం.

జవాబు త్వరగానే వచ్చింది. మాస్టారు చదివి రెండు చోట్ల ఆగారు. మొదటిది, ఆయన పేరు. ‘డియర్’ అని రాసి ఉత్త పేరు పెట్టారు. మిస్టర్ లేదు. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడమా అని ముఖం చిన్నబుచ్చుకున్నారు. కింద సంతకం చూపించాను. ఆవిడ తన పేరూ అలాగే ఉత్తగా రాసుకుంది. పైనా కిందా ఒకటే కొలత ఉంటే అది చిన్నచూపు కాదు, సమానంగా మాట్లాడుకుందామనే పిలుపు. తిరుగు జవాబులో ఆవిడ సంతకం చేసిన పేరుతోనే పిలవాలి. ఇంటిపేరూ హోదా పెట్టి సంతకం చేసి ఉంటే వాటితోనే పిలిచేవాళ్లం. మాస్టారు మాత్రం ఆ పేరు టైపు చేయడం నా చేతే చేయించారు.

రెండోది అసలు పనికి అడ్డం వచ్చేది. జవాబులో ‘యూ మే విష్ టు’ అంటూ ఒక దరఖాస్తు పత్రం లంకె ఇచ్చారు. ‘ఇష్టమైతే నింపమంటున్నారు, మనకు అక్కర్లేదు, నకళ్లే వస్తాయి’ అని మాస్టారు పత్రాన్ని పక్కన పెట్టేశారు. ఇంగ్లీషువారి మర్యాద ఎదురుదారిలో వచ్చి మనల్ని పట్టుకునేది ఇలాగే. కార్యాలయం రాసిన ఉత్తరంలో ఆ మాట ‘పత్రం నింపండి’ అని చెప్పడమే. మనం ఆజ్ఞకు ‘అండి’ తొడుగుతాం, వాళ్లు ఆజ్ఞను ఇష్టం రూపంలో దాచిపెడతారు. నిజంగా ఐచ్ఛికమా కాదా అని తెలుసుకోవడానికి నేను చూసేది ఒక్కటే: ఆ పని చేయకుండా తర్వాతి మెట్టు జరుగుతుందా? పుటల సంఖ్యలు, చిరునామా, డబ్బు చెల్లించే తీరు అన్నీ ఆ పత్రంలోనే ఉన్నాయి. అది నింపకపోతే వాళ్లు దేన్ని ఎక్కడికి పంపుతారు? ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ అని మొదలైన ఇంకో వాక్యం కూడా ఉంది. భయమేమిటని అడిగారు మాస్టారు. భయమేమీ లేదు, మడతపెట్టిన పెద్ద పటం నకలు తీయలేమని చెప్పడానికి అది ముందుమాట.

పత్రం నింపాం, డబ్బు కట్టాం, పటం తప్ప మిగతా పుటలు వచ్చాయి.

ఇప్పుడు మాస్టారు తన వ్యాసానికి ఒక పేజీ ఇంగ్లీషు సారాంశం రాయమంటున్నారు. అందులో గిడుగు రామమూర్తి పంతులుగారి ప్రస్తావన ఉంది. ఆయన మా ఊళ్లో పాఠాలు చెప్పినవారు, సవర భాష మీద 1931లో ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేసినవారు, 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయినవారు. ఇంగ్లీషు పరిశోధన వ్యాసాల్లో ఎంత గొప్పవారినైనా ఉత్త పేరుతో రాస్తారు, తర్వాతి వాక్యంలో ‘హీ’ అంటారు. ఆయనా, అతనా, వాడా అన్న తేడా ఆ ‘హీ’లో ఉండదు. మధ్యమ పురుషకు ‘కుడ్’, ‘వుడ్’ అయినా ఉన్నాయి, ప్రథమ పురుషకు అవీ లేవు. ‘హీ’ దగ్గర మాస్టారు ఏమీ అనలేదు. పేరు పక్కన ‘పంతులు’ మాత్రం ఉండాల్సిందేనన్నారు. ఉంచాను.