పలికితే చాలు, రాయగలగాలి

మా అనలిటిక్స్ కన్సల్టెన్సీకి పేరు కుదిరింది. ‘డేటా’, ‘ఇన్‌సైట్’ లాంటి మాటలు మొదటే వద్దనుకున్నాం. అవి పనిని వర్ణిస్తాయి తప్ప మనల్ని గుర్తుంచుకోనివ్వవు, ట్రేడ్‌మార్క్ రక్షణ కూడా బలహీనం. గోడ నిటారును సరిచూసే ‘ప్లంబ్‌లైన్’ నాకెంతో నచ్చింది. అయితే ఇంగ్లిష్‌లో అందులోని బి పలకదు. ఫోనులో విన్నవారు Plumline అని రాస్తే, ఆ ఈమెయిలు మాకు చేరదు. అందుకే వదిలేశాం.

చివరికి సర్వేయర్లు కొలతలకు ఆధారంగా వాడే స్థిర బిందువు ‘ట్రిగ్ పాయింట్’ నిలిచింది. పక్కన సాదాగా ‘అనలిటిక్స్’ చేర్చాం. క్లయింటు కంపెనీలో కొనుగోలు విభాగం ఇన్వాయిస్ చూడగానే మేం ఏం చేస్తామో తెలియాలి కదా! కన్సల్టింగ్‌కు 35వ, సాఫ్ట్‌వేర్ సేవలకు 42వ ట్రేడ్‌మార్క్ తరగతుల్లో ఈ పేరు ఇప్పటికే ఎవరికైనా ఉందేమో వెతకడం ఇక మొదలుపెడుతున్నాం. అది తేలేవరకు లోగో గీయించం.