మధ్యలోనే ఆగిపోయిన వెలుగు

గత వారం ఒక సంచిక ముఖచిత్రం కోసం నాకు 6000 × 4000 పిక్సెళ్ల గోపురం ఫోటో అందింది. శిల్పాల అంచులు పదునుగానే ఉన్నా రాతి గరుకుదనం ఎక్కడా కనిపించకపోవడంతో అనుమానం వచ్చి, దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చి, బొమ్మను స్థూల, సూక్ష్మ వివరాలుగా విడదీసే ఫూరియర్ రూపాంతరం చేసి, లాగరిథమ్ స్కేలుపై స్పెక్ట్రం చూశాను. అందులో నడిమధ్య స్థూలమైన ఆకృతులు, అంచుల వైపు సూక్ష్మమైన వివరాలు వెలుగుగా నమోదవుతాయి. ఇక్కడ ఆ వెలుగు కేంద్రం నుంచి అంచుకు ఉన్న దూరంలో సుమారు మూడో వంతు దగ్గరే, గీత గీసినట్టు దీర్ఘచతురస్రంగా ఆగిపోయింది; ఆవల దాదాపు చీకటే. బొమ్మను పెద్దది చేసినంత మాత్రాన కొత్త వివరాలు పుట్టవు. అంటే అసలు బొమ్మ వెడల్పు 6000లో మూడో వంతు, సుమారు 2000 పిక్సెళ్లకు మించదు.

ఫోకస్ తప్పిన ఫోటో స్పెక్ట్రంలోనూ అంచులు మసకబారతాయి కదా అన్న సందేహం నాకూ కలిగింది. అయితే అక్కడ వెలుగు క్రమంగా తగ్గుతుంది, పైగా కెమెరా సెన్సర్ వల్ల ఫోటోలో చేరే సన్నని చుక్కలు, అంటే నాయిస్, మూలల వరకూ పలచగా పరుచుకుని ఉంటుంది. నాయిస్‌ను గట్టిగా తుడిచేస్తే మాత్రం ఆ రెండో ఆనవాలు మిగలదు. అప్పుడు గీతలాంటి సరిహద్దు ఉందా లేదా అన్నదే చూడాలి.

పంపినవారిని అడిగితే, ఫోన్‌లో చేతులు మారి వచ్చిన చిన్న కాపీని పెద్దది చేశామని ఒప్పుకున్నారు. రెండు రోజుల తరువాత కెమెరాలోని అసలు ఫైలు వచ్చింది. దాని స్పెక్ట్రంలో వెలుగు మూలల దాకా పాకి ఉంది.