పూలవ్వకు వేళ్లు వచ్చేవరకు

దసరా బొమ్మల కొలువులో గుడి మెట్ల పక్కన నిలబెట్టడానికి పూలమ్మే అవ్వ కావాలని మా అమ్మాయి అడిగింది. తిరుపతిలో కొయ్యబొమ్మలకు కొదవ లేదు. కానీ మా మెట్లకు సరిపడేలా నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో, చేతిలో మాలతో ఉన్న అవ్వ ఎక్కడా దొరకలేదు. కంప్యూటర్‌లో రూపం తయారుచేసి ఇంట్లోని త్రీడీ ప్రింటర్‌కు ఇచ్చాను.

కరిగిన ప్లాస్టిక్‌ను గీతలుగా పోసే నాజిల్ ప్రింటర్‌తో వచ్చిన 0.4 మి.మీ.ది, పొర మందం 0.2 మి.మీ. రెండు వందల పొరలు నలభై నిమిషాల్లో పూర్తయ్యాయి. అవ్వ తల మీద, భుజాల మీద పొలం గట్లలాగా మెట్లు పడ్డాయి. వేళ్లు అసలు లేవు. రెండింటికీ పొర మందమే కారణమనుకుని దాన్ని 0.08కి తగ్గించాను. ఐదు వందల పొరలు, దాదాపు రెండు గంటలు. తల నున్నగా వచ్చింది, వేళ్లు మాత్రం రాలేదు.

అప్పుడు రూపాన్ని పొరలుగా కోసి ప్రింటర్‌కు ఇచ్చే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పొరా తెరిచి చూశాను. వేళ్లున్న చోట గీతే లేదు! వేలి మందం 0.35 మి.మీ.; 0.4 నాజిల్ గీసే గీత అంతకంటే వెడల్పు. పొర మందం వాలుగా ఉండే చోట్లను నునుపు చేస్తుంది, అంతే. పక్కలకు ఎంత సన్నగా గీయగలమో తేల్చేది నాజిల్ రంధ్రం. ఈ తేడా ముద్రించకముందే తెర మీద కనిపిస్తుంది. ముందే చూసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

0.2 నాజిల్ బిగించి, స్లైసర్‌లో ఆ కొలత మార్చాను. కొయ్యబొమ్మ రంగు రావాలన్న ఆశతో చెక్కపొడి కలిసిన ఫిలమెంట్, అంటే ప్రింటర్‌కు ఎక్కించే ప్లాస్టిక్ తీగ, ఎక్కించాను. అరగంటలో మూసుకుపోయింది. ఆ పొడి రేణువులు అంత చిన్న రంధ్రంలో ఇరుక్కుపోతాయి. మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్‌తో, 0.08 పొరతో మూడున్నర గంటలకు వేళ్లు వచ్చాయి, మాలలో పూలు విడివిడిగా కనిపించాయి. అది చూసిన సంతోషంలో 0.04కి దిగాను. వెయ్యి పొరలు, ఏడు గంటలు. పైగా తల దగ్గర ఒక్కో పొర క్షణాల్లో పూర్తవుతుంది కాబట్టి కింది పొర చల్లారకముందే పైది పడి ముక్కు జారిపోయింది.

చివరికి అవ్వను రెండుగా విభజించాను. మెడ వరకు ముప్పై మి.మీ. నిటారుగా ఉండే చీర కుచ్చిళ్లే, వాటికి 0.12 చాలు. వేళ్లు ఆ భాగంలోనే ఉన్నా వాటి సంగతి నాజిల్ చూసుకుంటుంది. మెడ పైన పది మి.మీ.కు మాత్రం 0.06. మొత్తం నాలుగు వందల పైచిలుకు పొరలు. తల చల్లారే వ్యవధి దొరికేలా ఇద్దరు అవ్వలను పక్కపక్కనే పెట్టాను; నాజిల్ ఒకరి దగ్గర ఉన్నంతసేపూ రెండోవారి పొర గట్టిపడుతుంది. ఐదున్నర గంటలకు ఇద్దరూ ముక్కులతో, వేళ్లతో దిగారు. ఒకరిని మా మెట్ల పక్కన నిలబెట్టాం, ఇంకొకరు ఎదురింటి కొలువులోకి వెళ్లారు.