నిలబడితే సరిపోయి, పరిగెత్తితే తిరిగిపోయే ప్యాడ్

ఈసారి పిల్లల క్రికెట్ కిట్ కొలతల్లో ఒక్క ఎడమ కాలి ప్యాడ్ నా ప్రాణం తోడేసింది. మిగతా జట్టుకంతా ప్యాడ్లు, గ్లవ్స్, థై గార్డ్‌లు ఇబ్బంది లేకుండా కుదిరిపోయాయి. మా ఓపెనర్‌కి మాత్రం క్రీజులో నిలబడినప్పుడు కొలిచి కుట్టించినట్టు ఉండే ప్యాడ్, రెండు పరుగులు తీసి వచ్చేసరికి లోపలి వైపుకు తిరిగిపోయి ఉంటోంది. రెండు ప్యాడ్లు ఒకదానికొకటి రాసుకుని, వాడు పిచ్ మధ్యలో తూలి పడబోయాడు కూడా. ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

ముందు సైజు ఎలా ఎంచానో చెప్పాలి. వాడి ఎత్తు 151 సెంటీమీటర్లు. నా దగ్గరున్న ఎత్తు చార్టు ప్రకారం బాయ్స్ సైజు సరిపోవాలి. ఇంకో కుర్రాడి ఎత్తు 152, వాడికి ఆ బాయ్స్ ప్యాడ్లు చక్కగా కుదిరాయి. కానీ షూ వేసి, పాదం పైన ప్యాడ్ ఆనే చోటు నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు కొలిస్తే రెండోవాడికి 36 సెంటీమీటర్లు వచ్చింది, ఓపెనర్‌కి 39. ఎత్తులో ఒక్క సెంటీమీటరు తక్కువున్నవాడికి మోకాలి కింద మూడు సెంటీమీటర్లు ఎక్కువన్నమాట. ఎదిగే వయసులో ముందు కాళ్లు సాగుతాయి, నడుము పై భాగం తర్వాత అందుకుంటుంది. అందుకే పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల విషయంలో ఎత్తు చార్టును నేను అసలు నమ్మను. అంగుళాల్లో కాలి పొడవు ముద్రించే బ్రాండ్ల మీదే నాకు గురి. సైజు పేరు, వయసు మాత్రమే రాసే చార్టుతో పని జరగదు. పైగా ఒకరి యూత్ సైజు ఇంకొకరి బాయ్స్ సైజుకి దగ్గరగా ఉంటుంది.

ఓపెనర్‌కి బాయ్స్ ప్యాడ్ కట్టి చూస్తే మోకాలి చిప్ప, మోకాలి ముందు అడ్డంగా ఉండే నీ రోల్ మెత్తల్లో నడిమి దాని మధ్యకు కాకుండా మూడున్నర సెంటీమీటర్లు పైకి వచ్చింది. అంటే పైనున్న రోల్‌కీ, మోకాలి పైన తొడను కప్పే టాప్ హ్యాట్‌కీ మధ్య కుట్టు పడే చోట. బంతి గట్టిగా తగిలితే కాపాడేది పలచటి అతుకు మాత్రమే. తర్వాతి పెద్ద సైజైన యూత్ ప్యాడ్‌లో పాదం దగ్గర నుంచి నడిమి రోల్ మధ్య వరకు 39.5 ఉంది. చిప్ప మధ్య రోల్‌లో ఒదిగిపోయింది. కాలి పొడవు ప్రకారం ఇదే సరైన సైజు, ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. టాప్ హ్యాట్ పై అంచు మోకాలి మధ్య నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. వాడి తొడకు అది ఎక్కువేమీ కాదు.

మరి తిరగడం ఎందుకు? ఎంత తిరుగుతోందో కంటితో చూసి అంచనా వేస్తే లాభం లేదు కాబట్టి దర్జీలు వాడే నీలం చాక్ తీసుకున్నాను. ప్యాడ్ కట్టాక, బయటి వైపు రెక్క అంచు వెంబడే తెల్ల ప్యాంటు మీద నిలువుగా ఒక గీత గీశాను. పరిగెత్తి వచ్చాక ఆ గీతకూ అంచుకూ మధ్య దూరం కొలిస్తే ప్యాడ్ ఎంత జరిగిందో తెలిసిపోతుంది. పిక్క దగ్గర ఒక గీత, మోకాలి దగ్గర ఒక గీత విడివిడిగా ఉండాలి, ఎందుకంటే ప్యాడ్ కింద నిలిచి పైన మాత్రమే తిరగవచ్చు.

మొదటి అనుమానం పిక్క మీదే. వాడి పిక్క చుట్టుకొలత 27 సెంటీమీటర్లు, బాగా సన్నం. నడిమి స్ట్రాప్‌ని చివరి వరకు లాగినా వెనక రెండు వేళ్లు దూరుతున్నాయి. పొడవు కాళ్ల పిల్లలకు పెద్ద ప్యాడ్ కొంటే ఈ సమస్య ఎప్పుడూ ఉంటుంది. పొడవు సరిపోతుంది గానీ లోపలి వెడల్పు కాస్త ఎక్కువ లావున్న కాలికి చేసినది. స్ట్రాప్‌ని బిగించి బిగించి, పిల్లవాడు కాలు తిమ్మిరెక్కిందని అనేదాకా లాగి చూశాను. తిరగడం తగ్గలేదు. అలా బిగించడం మంచిది కూడా కాదు, నాలుగు ఓవర్లు గడిచేసరికి వాడే వదులు చేసుకుంటాడు.

అసలు ఆధారం దొరికింది కొలతల్లోనే. ఎడమ ప్యాడ్ మోకాలి గీత దగ్గర 5 సెంటీమీటర్లు లోపలికి జరిగింది, పిక్క దగ్గర 2. కుడి ప్యాడ్ మాత్రం రెండు చోట్లా సెంటీమీటరుకు మించి కదల్లేదు. అదే జత, అదే పిక్క, అవే స్ట్రాప్‌లు. పిక్క సన్నం కావడమే కారణమైతే రెండు కాళ్లకూ ఒకేలా తిరగాలి కదా! రెండు కాళ్లకూ తేడా ఒక్కటే. వాడు కుడి చేతి బ్యాటర్, ఎడమ తొడకు థై గార్డ్ ఉంది, కుడి తొడకు లేదు.

థై గార్డ్ తీసేసి పరిగెత్తమన్నాను. మోకాలి దగ్గర కదలిక 5 నుంచి ఒకటిన్నరకు పడిపోయింది. మళ్లీ కడితే మళ్లీ 5.

అప్పుడు థై గార్డ్‌ని టేపుతో కొలిచాను. అదీ యూత్ సైజే, ప్యాడ్ పేరుకు జతగా ఇచ్చినది. పొడవు 36 సెంటీమీటర్లు. నడుము స్ట్రాప్ బెల్టు దగ్గర నిలిస్తే దాని కింది అంచు మోకాలి చిప్ప పై అంచుకు కేవలం మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఆగుతోంది. అంటే చిప్ప మధ్య నుంచి దాదాపు ఐదున్నర. కానీ ప్యాడ్ లోపల నీ రోల్ మెత్త చిప్ప మధ్య నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా పైకి ఉంది. కాబట్టి థై గార్డ్ కింది అంచు టాప్ హ్యాట్ వెనక ఆగకుండా నీ రోల్ మెత్త కిందికి దూరిపోతోంది. నిలబడినప్పుడు ఏమీ తెలియదు. కాలు మడిచి పరిగెత్తేటప్పుడు టాప్ హ్యాట్ తొడ నుంచి ముందుకు లేస్తుంది. కాలు చాపగానే తిరిగి తొడ మీదికి వచ్చి పడుతుంది. ఆ పడే ప్రతిసారీ, మధ్యలో ఉన్న థై గార్డ్ నురుగు మెత్త సందులో దూర్చిన చెక్క ముక్క లాగా పనిచేస్తోంది. పైగా థై గార్డ్ తొడ ముందు, బయటి వైపులనే కప్పుతుంది కాబట్టి ప్యాడ్‌ని బయటి వైపు నుంచి మాత్రమే ఎత్తుతోంది. బయటి వైపు లేస్తే ముఖం లోపలికి తిరుగుతుంది. కొలతలతో ఈ లెక్క సరిపోయింది.

సరే, థై గార్డ్‌నే మూడు సెంటీమీటర్లు పైకి కట్టించాను. ప్యాడ్ తిరగడం తగ్గింది గానీ, స్టాన్స్‌లో వంగినప్పుడు గార్డ్ పై అంచు పొట్ట కింద పొడుచుకుంటోంది. వాడు ప్రతి బంతికీ దాన్ని కిందికి లాక్కుంటూ ఉంటే బౌలర్‌ని ఎలా చూస్తాడు? "సార్, వంగితే గుచ్చుకుంటోంది" అని రెండో ఓవర్‌లోనే చెప్పాడు. తొడ మడత పడే చోటు నుంచి మోకాలి చిప్ప పై అంచు వరకు వాడికి 33 సెంటీమీటర్లు. ఆ తొడకు 36 గార్డ్ ఎక్కడ కట్టినా ఏదో ఒక అంచు అడ్డం వస్తుంది. కాళ్ల పొడవంతా మోకాలి కిందే ఉన్న పిల్లలకు ప్యాడ్ సైజుతో పాటే థై గార్డ్ సైజు కూడా పెంచేయకూడదు.

కిట్ బ్యాగులో ఉన్న జూనియర్ గార్డ్ పొడవు 29. దాన్ని కాస్త కిందికి దించి కడితే కింది అంచు మోకాలి చిప్పకు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పైన ఆగింది. చిప్ప మీద నాలుగు వేళ్లు అడ్డంగా పెడితే కాస్త ఖాళీ మిగిలేంత. టాప్ హ్యాట్ ఇంకా తొమ్మిది సెంటీమీటర్లు దాని మీద కప్పుతోంది కాబట్టి ముందు నుంచి చూస్తే ఎక్కడా తొడ కనిపించదు. ఎడమ మోకాలి దగ్గర కదలిక 2 సెంటీమీటర్లకు తగ్గింది. పిక్క స్ట్రాప్ లోపల సెంటీమీటరు మందం స్పాంజి పట్టీ కుట్టాక కుడి ప్యాడ్ అసలు కదలడం మానేసింది, ఎడమది ఒకటి దగ్గర నిలిచింది.

ఇంకా తేలనిది ఒకటుంది. జూనియర్ గార్డ్ వెడల్పు తక్కువ. వాడి తొడ చుట్టు 43 సెంటీమీటర్లు, గార్డ్ ముందు భాగాన్ని సరిగ్గా కప్పితే బయటి వైపు అరచేతి వెడల్పు ఖాళీ మిగులుతోంది. లోపలికి వచ్చే బంతిని వదిలేస్తే తగిలేది సరిగ్గా అక్కడే. బయటికి జరిపి కడుతున్నాను గానీ, పరిగెత్తాక తొడ స్ట్రాప్ జారి మళ్లీ ముందుకు వస్తోంది. ఆ స్ట్రాప్ కూడా పొట్టిది, అతుకు వెల్‌క్రో చివరి రెండు సెంటీమీటర్ల మీదే నిలుస్తోంది. దానికి వెడల్పు ఎలాస్టిక్ కలిపి పొడిగించి చూస్తాను. కుదరకపోతే పెద్ద గార్డ్‌నే కింది నుంచి నాలుగు సెంటీమీటర్లు కోసి, కోసిన అంచు పలచబడేలా నురుగు చెక్కి మళ్లీ కుట్టిస్తాను. మొదటి దానికంటే ఈ రెండో పద్ధతే నాకు నచ్చుతోంది. వెడల్పు అలాగే ఉంటుంది, చెక్క ముక్కలా పనిచేసే మందపాటి అంచు పోతుంది.

గ్లవ్స్ విషయానికి వస్తే, మణికట్టు మడత నుంచి నడిమి వేలి కొస వరకు కొలిచి ఇచ్చాను, అందరికీ సరిపోయాయి. ఒక్క మాట మాత్రం. అరచేయి చాపి చూస్తే సరిపోయినట్టే ఉంటాయి, బ్యాట్ పట్టించి చూడాలి. వేలి కొస దగ్గర సెంటీమీటరు మిగిలితే పిడి చుట్టూ అరచేతి తోలు ముడతలు పడి కింది చేయి పట్టు వదులవుతుంది. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని పెద్ద గ్లవ్స్ కొనిపించేవాళ్లతో నేను ఒప్పుకోను. ప్యాడ్‌లో అర సెంటీమీటరు సర్దుకోవచ్చు, గ్లవ్‌లో సర్దుకోలేం.

తర్వాతి పని, ఎత్తు కాలమ్ కొట్టేసి కొత్త కొలతల పట్టిక రాయడం. ఒక్కొక్కరికీ నాలుగే అంకెలు: షూ మీద నుంచి మోకాలి మధ్యకు, పిక్క చుట్టు, తొడ మడత నుంచి చిప్పకు, మణికట్టు నుంచి వేలి కొసకు. మూడు నెలలకోసారి మళ్లీ కొలుస్తాను. 152 ఎత్తు కుర్రాడి కాలు ఈ సీజన్‌లోనే సాగేలా ఉంది. వాడి బాయ్స్ ప్యాడ్లలో చిప్ప నడిమి రోల్ దాటి సెంటీమీటరు పైకి వచ్చిన రోజున ఓపెనర్‌కి కుదిరిన గార్డ్ పొడవు వాడికీ పనికొస్తుందేమో చూస్తాను.