15.05 ఎక్కడి నుంచి వచ్చింది

ఇవాళ పర్లాకిమిడిలో పొద్దున్నుంచీ ఒకటే ముసురు. కరెంటు పోయిందని పక్కింటి పిల్ల గళ్ల నోటుపుస్తకం పట్టుకుని మా వరండాలోకి వచ్చింది. వరసకి నాకు మేనకోడలు, చదివేది పది.

మొదటి లెక్క A(1, 2), B(7, 4), C(3, 8). ఈ త్రిభుజం వైశాల్యం కావాలి. దూర సూత్రంతో AB, AC రెండూ √40 వచ్చాయి. BC √32. BC మధ్యబిందువు (5, 6). A నుంచి అక్కడికి దూరం కూడా √32. భూమి, ఎత్తు గుణించి సగం చేస్తే 16. శీర్షాల సూత్రంతో చూసినా 16 వచ్చింది. ఈ దారి దానికి తెగ నచ్చేసింది.

తర్వాతి లెక్కలో A, B అవే, C ఒక్కటి (4, 8)కి జరిగింది. అదే దారిలో వెళ్లింది. BC పొడవు 5, మధ్యబిందువు (5.5, 6), A నుంచి దాని దూరం √36.25, అంటే సుమారు 6.02. వైశాల్యం 15.05. పుస్తకం వెనక జవాబు 15.

"దశాంశాలు సరిపెట్టడంలో తేడా వచ్చుంటుంది అత్తా" అంది.

ఇలాంటి జవాబుల్ని అలా వదిలేయకూడదని నాకు గట్టి నమ్మకం. శీర్షాల నిరూపకాలన్నీ పూర్ణాంకాలైతే, సూత్రంలో సగం చేయకముందు వచ్చేది కూడా పూర్ణాంకమే. కాబట్టి వైశాల్యం పూర్ణసంఖ్య అయినా కావాలి, చివర అరైనా ఉండాలి. 15.05 రావడానికి వీల్లేదు. ఇక్కడ:

½ |1(4−8) + 7(8−2) + 4(2−4)| = ½ |−4 + 42 − 8| = 15

మరి తేడా ఎక్కడ? మొదటి త్రిభుజంలో AB, AC సమానం కాబట్టి A నుంచి గీసిన మధ్యగతమే లంబం అయింది. రెండోదాంట్లో AB √40, AC √45. భూమి 5, వైశాల్యం 15 అంటే అసలు ఎత్తు 6. లంబం BCని తాకేది మధ్యబిందువుకి అర యూనిట్ పక్కన, B వైపు, (5.8, 5.6) దగ్గర. గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో చుక్క పెట్టి చూపించాను. రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తేడా ఇంత చిన్నది కాబట్టే తప్పు బయటపడలేదు. C ఇంకా దూరం జరిగి ఉంటే 15.05 లాంటి నమ్మించే అంకె వచ్చేదే కాదు.

"అయితే మధ్యబిందువు దేనికి పనికొస్తుంది మరి?" అని కాస్త కోపంగానే అడిగింది. మంచి ప్రశ్న. మధ్యబిందువుని M అనుకుని, ABM వైశాల్యం అదే సూత్రంతో కట్టమన్నాను. 7.5 వచ్చింది. AMC కట్టకముందే "అదీ 7.5" అనేసింది. కట్టి చూసింది, అంతే వచ్చింది.